రెండో అంతస్తు, డెబ్బై అయిదు బస్తాలు

మా రోజుల్లో స్నానాల గది పెరట్లో ఉండేది. నాలుగు గోడలు, కింద రెండు కడప బండలు, మూలన ఒక తూము. నీళ్లు కారితే అరటిచెట్టు పాదులోకి కారేవి. ఎవడూ ఎవడి మీదా అసోసియేషన్‌కి ఫిర్యాదు పెట్టేవాడు కాదు. ఇప్పుడు ఒకడి స్నానం ఇంకొకడి నెత్తిమీద. పై ఇంటాయన తలంటుకుంటే కింది ఇంటావిడ స్టవ్ మీద చుక్క పడుతుంది. ఆ చుక్క ఆపేవాళ్లకి ఈ ఊళ్లో ఎప్పుడూ పని ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ పనిలోకి ఎవరు ఎలా దిగుతున్నారన్నదే నా గొడవ.

మా మేనల్లుడు పదేళ్ల పైన కోకాపేట వైపు పెద్ద టవర్ల దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేశాడు. కడ్డీ కట్టు చూడమంటే చూస్తాడు, సెంట్రింగ్ లెవెల్ పట్టమంటే పడతాడు, స్లాబు వేసే రోజు రాత్రంతా నిలబడతాడు. పనిమంతుడే. మొన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి కార్డులు అచ్చేయించాడు. ఇంటీరియర్లు, రిపేర్లు, రెనోవేషన్ అన్నీ ఒకే కార్డు మీద, వెనకవైపు ఎవరిదో వంటగది బొమ్మ. మొదటి పని నల్లకుంటలో దొరికింది. తొంభైల మధ్యలో కట్టిన మూడంతస్తుల అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు ఫ్లాటు, ఏడడుగులు బై అయిదడుగుల బాత్రూము. కింది ఇంట్లో చుక్కలు పడుతున్నాయి. ఓనరు ఫోటోలు పంపితే వీడు ఫోన్లోనే రేటు చెప్పేశాడు. అన్నీ కలిపి 1 లక్ష.

చూసి వచ్చి చెప్పావా అన్నాను. "ఫోటోలు క్లియర్‌గానే ఉన్నాయి మావయ్యా" అన్నాడు.

మా రోజుల్లో పాత గోడ మీద తాపీ పెట్టకుండా ఎవడూ అంకె చెప్పేవాడు కాదు. చెప్పమన్నా చెప్పేవాళ్లం కాదు. కొత్త ఇల్లు కట్టడం వేరు, పాత ఇల్లు విప్పడం వేరు. కొత్త దానికి డ్రాయింగు ఉంటుంది, అందులో ఉన్నదే కడతావు. పాతదానిలో ఎవడో ఎప్పుడో ఏదో కప్పెట్టి పలక అతికించి పోయాడు. ఆ డ్రాయింగు ఎవడి దగ్గరా ఉండదు. కంపెనీలో పదేళ్లు చేసినవాడికి ఈ తేడా తెలియకపోవడం వాడి తప్పు కాదు. అక్కడ కొనేది పర్చేజ్ వాళ్లు, ఎత్తేది హాయిస్టు, చెత్త తీసుకెళ్లేది ఇంకో కాంట్రాక్టరు. సూపర్‌వైజర్ చేతిలో పడేది రిపోర్టు పుస్తకం ఒక్కటే. సరుకు ధర తెలుస్తుంది, మోత ధర తెలియదు.

వాడి లెక్క ఏంటో చూపించమన్నాను. నేల 35 చదరపు అడుగులు. గోడ చుట్టుకొలత 24 అడుగులు, ఏడడుగుల ఎత్తున పలకలు, తలుపు తీసేస్తే దాదాపు 150. మొత్తం 185, తరుగుకి పది శాతం కలిపి 205 చదరపు అడుగుల టైల్సు. ఇంతవరకు బాగానే కొలిచాడు. టైల్సు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్ డబ్బాలు, సిమెంటు, లేబరు అన్నీ కలిపి 92 వేలు తేలాయట. తలుపు, కమోడ్, కొళాయిలు ఓనరువే. పైన ఎనిమిది వేలు వేసుకుని లక్ష చెప్పాడు.

కూల్చింది ఎక్కడికి పోతుందిరా అని అడిగాను. అదా, ఆటోలో పంపించేస్తాం అన్నాడు.

కాగితం తీయించి పక్కన కూర్చోబెట్టాను. గోడ పలకలు, వాటి వెనక మాలు కలిపి అంగుళంపావు మందం. 150 చదరపు అడుగుల మీద అది 15 ఘనపుటడుగుల పైచిలుకు. నేల పలకలు, కింద పరుపు కలిపి మూడంగుళాలు, అది ఇంకో తొమ్మిది. అసలు బరువు సంకెన్‌లో ఉంటుంది. బాత్రూము స్లాబు ఒక అడుగు కిందికి దించి, అందులో పైపులు పరిచి, పైదాకా ఏదో ఒకటి నింపి ఉంటారు కదా. పది అంగుళాల లోతు అనుకున్నా 29 ఘనపుటడుగులు. మొత్తం 53. పగలగొట్టాక ముక్కల మధ్య గాలి చేరి ఇంచుమించు 75 అవుతుంది. ఒక మనిషి మెట్లు దిగుతూ మోయగల బస్తాలో ఒక ఘనపుటడుగుకి మించి పట్టదు. అంటే 75 బస్తాలు, బరువు రెండున్నర టన్నుల పైనే. అపార్ట్‌మెంటు లిఫ్టులో బస్తాలు పెట్టనివ్వరు. బస్తాకి 60 రూపాయల చొప్పున దింపుడు కూలి 4,500. ఖాళీ సంచులకి 750. ట్రాలీ రెండు ట్రిప్పులు, 4,000. తొమ్మిది వేల పైచిలుకు. నువ్వు పైన వేసుకున్న ఎనిమిది వేలు మెట్ల మీదే దిగిపోయాయి, మూడు వారాల నీ రెక్కల కష్టం కూడా వాటితోనే పోయింది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సంకెన్ తీయకుండా పైన కోటింగ్ వేస్తే?" అన్నాడు. అదిగో, ఈ కాలం జబ్బు అదే. దాని దగ్గరికి వస్తాను.

పాత పీడబ్ల్యుడీ ఎస్టిమేట్లు చూసినవాళ్లకి తెలుస్తుంది. అందులో లీడు అని, లిఫ్టు అని వేరే కాలమ్ ఉండేది. ఎంత దూరం మోయాలి, ఎంత ఎత్తుకి ఎక్కించాలి అన్నదానికి వేరే డబ్బు. కూల్చడం ఒక లైను, తీసుకెళ్లి పోయడం ఇంకో లైను. గుమస్తా రాసేవాడికి విసుగే గానీ మోసేవాడికి అన్నం ఆ లైన్లోనే ఉండేది. ఇప్పుడు "అన్నీ కలిపి" అనే మాట వచ్చాక ఆ లైను ఎగిరిపోయి రబ్బిష్ చెరువుగట్ల మీద తేలుతోంది. హైదరాబాద్‌లో జీడిమెట్లలోనూ ఫతుల్లగూడలోనూ కూల్చిన మాలుని నలగ్గొట్టి మళ్లీ వాడకానికి తెచ్చే ప్లాంట్లు పెట్టారు. అక్కడికి వెళ్లేదెంతో, అర్ధరాత్రి రోడ్డు పక్కన పడేదెంతో ట్రాలీ డ్రైవర్లకే తెలియాలి.

సరే, కోటింగ్ సంగతి. చుక్క పడుతోందంటే అది మూడింట్లో ఒక దారిన వస్తుంది. గోడలో ఉన్న నీళ్ల లైనుకి చిల్లి పడి ఉండొచ్చు. మురుగు నీరు పోయే లైను జాయింటు దగ్గర వదిలి ఉండొచ్చు. లేదా నేల మీది నీళ్లు పలకల సందుల్లోంచి దిగి సంకెన్‌లో చేరి ఉండొచ్చు. మూడూ వేరు వేరు జబ్బులు. నేల మీద రంగునీళ్లలాంటి కోటింగ్ పూస్తే మూడోదానికి కొన్నాళ్లు ఉపశమనం, మొదటి రెండింటికి ఏమీ లేదు. టైల్ మీద టైల్ అతికించేవాళ్లు ఇంకా ఘనులు. బాత్రూము నేల గదికన్నా పైకి వచ్చి నీళ్లు మంచం కిందికి నడుస్తాయి, చుక్క మాత్రం ఎక్కడ పడేది అక్కడే పడుతుంది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ముందు బాత్రూముకి వచ్చే వాల్వు కట్టేసి, లైనుకి చేతిపంపు తగిలించి ఒత్తిడి పెట్టాలి. మీటరు ముల్లు దిగిపోతే చిల్లి నీళ్ల లైన్లోనే. ముల్లు నిలబడితే బకెట్‌లో కాస్త రంగు కలిపి నేల తడవకుండా నేరుగా నహానీ ట్రాప్‌లోకి, కమోడ్‌లోకి పొయ్యాలి. కింద రంగు కనిపిస్తే మురుగు లైను. అప్పుడూ కనిపించకపోతే ట్రాప్ నోరు మూసి నేల మీద నీళ్లు నిలబెట్టి ఒక రోజు చూడాలి. ఒక్కటి మాత్రం మోసం చేస్తుంది. సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలు ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉంటాయి. వాల్వు కట్టేసినా రోజుల తరబడి చుక్కలు పడుతూనే ఉంటాయి. "కొళాయి కట్టేసినా కారుతోంది కాబట్టి కొళాయిది కాదు" అని రెండో రోజే తీర్పు చెప్పేవాడు తప్పు చోట పగలగొడతాడు. అందుకే ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య ఎడం ఇవ్వాలి, రోజుకెన్ని చుక్కలు పడుతున్నాయో కింద గిన్నె పెట్టి చూసుకోవాలి. ఈ మూడు పరీక్షలకీ డబ్బు తీసుకో అన్నాను వాడితో. చూసి చెప్పినందుకు ఫీజా అని నోరెళ్లబెట్టాడు. డాక్టరు దగ్గర ఇస్తున్నావుగా!

నల్లకుంట బాత్రూములో పరీక్ష చేయించాను. ముల్లు దిగింది, రంగూ కనిపించింది. రెండూ. పలక విప్పితే గోడలో జీఐ పైపు, వంపు దగ్గర తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది. ఆ పైపుల కాలంలో మరకి జనపనార చుట్టి, సఫేదా పూసి బిగించేవాళ్లం. బిగింపు గట్టిది, పైపుకే ఆయుష్షు తక్కువ. ఈ విషయంలో మా కాలాన్ని వెనకేసుకు రాను, ఇప్పటి సీపీవీసీ తుప్పు పట్టదు. మురుగు లైను మాత్రం మేమే గట్టిగా వేశాం. పోత ఇనుప గొట్టాలు, సందులో జనపనార కొట్టి, పైన కరిగించిన సీసం పోసి ఉలితో కూరేవాళ్లం. ఈ ఫ్లాటులో పీవీసీ. గొట్టం బాగానే ఉంది, జాయింటు వదిలింది. పైగా గొట్టం సంకెన్ గోడ దాటి షాఫ్ట్‌లోకి వెళ్లే చోట చుట్టూ వేలు దూరేంత సందు. కట్టినప్పుడు గోడకి కన్నం పొడిచి, గొట్టం తోసి, కాస్త మాలు మెత్తి వదిలేశారు. పాత ఫ్లాటుల్లో సగం చుక్కలకి ఆ కన్నమే పుట్టిల్లు. నింపుడులో ఏముందంటారా? ఇటుక ముక్కలు, సిమెంటు సంచి, ఒక విరిగిన తట్ట.

ఇది పగలగొట్టకముందు ఎవడికి తెలుసు? అందుకే లక్ష అన్న అంకెని చింపించి కాగితం రెండు ముక్కలుగా రాయించాను. మొదటి ముక్కలో కంటికి కనిపించేవి, కొలత వేసి, ఒక్కొక్క దానికీ ధర. కూల్చడం, బస్తాలు దించడం, టైల్సు, వాటర్‌ప్రూఫింగ్. రెండో ముక్కలో విప్పితే గానీ తెలియనివి, వాటికి మొత్తం కాకుండా రేటు మాత్రమే. పైపు మార్చాల్సి వస్తే అడుగుకింత, గోడ ప్లాస్టరు గుల్ల వస్తే చదరపు అడుగుకింత, స్లాబు కడ్డీ తుప్పు పట్టి ఉంటే చదరపు అడుగుకింత. విప్పిన రోజు ఓనరూ నువ్వూ కలిసి నిలబడి కొలిచి, ఫోటో తీసి, సంతకం పెట్టుకున్నాకే ముందుకు పోవాలి. ఓనరుకి నచ్చలేదు. "ఇదంతా ఎందుకండీ, ఒకటే అంకె చెప్పండి" అన్నాడు. ఒకటే అంకె కావాలంటే భయం కూడా కలిపి చెప్పాలి సార్, అది మీకే ఎక్కువవుతుంది అన్నాను. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడట, ఆ మాట పట్టుకున్నాడు.

ఇక డబ్బు. మా రోజుల్లో ఓనరు సిమెంటు తెచ్చేవాడు, ఇసుక తోలించేవాడు, మేస్త్రీ లేబరు చూసుకునేవాడు. శనివారం సాయంత్రం బట్వాడా. వారం పని, వారం డబ్బు. ఎవడి నెత్తినా ఎవడి అప్పూ ఉండేది కాదు. ఇప్పుడు సరుకు కూడా కాంట్రాక్టరే తేవాలి, దానికి సగం అడ్వాన్సు. ఆ అడ్వాన్సు చేతిలో పడగానే మొదటి తారీకు జీతం పడిన అలవాటు నిద్ర లేస్తుంది. ఇంటి ఈఎంఐ కట్టేస్తాడు. తర్వాత టైల్సుకి రెండో ఇంటి అడ్వాన్సు, దానికి మూడోది. సగం చేసి ఫోన్ ఎత్తనివాళ్లంతా దొంగలు కారు, వాళ్లలో చాలామంది ఇలా ఇరుక్కున్నవాళ్లే. వీలైతే టైల్సు, పైపులు ఓనరు పేరు మీదే బిల్లు చేయించి కొనిపించు అన్నాను. ఇంకో లాభం కూడా ఉంది. మన దగ్గర సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను తీసుకోవాలి. సరుకు నువ్వు కొని కలిపి బిల్లు వేస్తే ఆ అంకె ఇట్టే దాటుతుంది, ఓనరు కొన్నది నీ లెక్కలోకి రాదు. షాపువాడిచ్చే కమిషన్ పోతుందంటున్నాడు. పోనీ.

వాయిదాలు కూడా మార్పించాను. మొదలుపెట్టేటప్పుడు 30 శాతం. రెండో 30 శాతం, పలకలు వేశాక అడగకు, పలకల కింద కప్పబడేది ఓనరుకి చూపించాక అడుగు. అంటే కొత్త పైపుకి ఒత్తిడి పెట్టి ముల్లు నిలబడటం చూపించాలి. సంకెన్ కడిగి, వదిలిన జాయింటు సరిచేసి, ఆ కన్నం పూడ్చి, మూలల్లో గోలా తిప్పి, వాటర్‌ప్రూఫింగ్ ఒక కోటు అడ్డంగా, అది ఆరాక ఇంకో కోటు నిలువుగా వేసి, డబ్బా మీద చెప్పినన్నాళ్లు ఆరనిచ్చి, నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలు గీత పెట్టి రెండు రోజులు వదలాలి. గీత దిగకపోతే, కింద తడి కనిపించకపోతే అప్పుడు డబ్బు. తర్వాత నింపుడు, దాని పైన మళ్లీ ఒక విడత కోటింగ్, అడుక్కి పావు అంగుళం వాటంతో నేల, ఆపైన పలకలు. సంకెన్ అడుగు నుంచి షాఫ్ట్‌లోకి చిన్న గొట్టం ఒకటి పెట్టించాను. మళ్లీ ఎప్పుడైనా లోపలికి నీరు చేరితే ఆ గొట్టం చివర చుక్క కనిపిస్తుంది, కింది ఇంట్లో కాదు. పలకలయ్యాక 30 శాతం, నెల రోజులు వాడి చూశాక చివరి పది.

ఆ రెండు రోజులూ లేబరు ఏం చేయాలి అన్నది వాడి దిగులు. అదీ న్యాయమే. మా రోజుల్లో ముఠా మేస్త్రీది. పాలమూరు వాళ్లో శ్రీకాకుళం వాళ్లో, ఒకే ఊరి జనం, ఒక ఇంట్లో నీళ్లు నిలబెడితే ఇంకో ఇంట్లో గోడ లేపేవాళ్లు. ఇప్పుడు టైల్సుకి రాజస్థాన్ కుర్రాళ్లు, రంగులకి బీహార్ వాళ్లు, పగలగొట్టడానికి అడ్డా మీద దొరికినవాళ్లు. పనితనం తీసిపారేసేది కాదు. ఆ రాజస్థాన్ కుర్రాడు నలభై అయిదు డిగ్రీల కోత కోస్తే మా తరంలో ఎవరూ అంత నున్నగా కోయలేదు. వాడు ఖాళీగా కూర్చోడు మాత్రం, ఇంకో సైటుకి పోయి వారం దాకా రాడు. కాబట్టి ఒక ఇంటి పని పట్టుకుని ఇండిపెండెంట్ అయ్యానంటే కుదరదు. ఒక ఇల్లు ఆరుతుంటే ఇంకో ఇల్లు తడవాలి. రెండు పనులు ఒకదాని సందులో ఒకటి ఇమిడేట్టు తారీకులు వేసుకోవాలి. మూడు పట్టుకుంటే మాత్రం మూడింట్లోనూ తిట్లు.

ఈ తరం దగ్గర నాకు కుళ్లు పుట్టించే వస్తువు ఒకటే, ఫోన్ కెమెరా. పని మొదలుపెట్టకముందే కింది ఇంటి సీలింగు, గోడలు, ఫ్యాను, అలమర తలుపులు అన్నీ వాడి చేత తీయించాను. లేకపోతే సుత్తి దెబ్బకి పడిన పగులూ పదేళ్ల నాటి పగులూ ఒకే ఖాతాలో పడతాయి. మా కాలంలో ఇవి సాక్షుల్ని పిలిచి తేల్చుకోవాల్సిన గొడవలు.

చివరికి మిగిలింది కింది ఇంటావిడ. పై పని పూర్తయిన వారంలోనే ఆవిడ సీలింగుకి లప్పం పెట్టి రంగు వేసిస్తానని మావాడు మాట ఇచ్చాడు. ఆ లైను కొట్టేశాను. సీలింగు ఒకచోట ఉబ్బి ఉంది, గిల్లితే కాంక్రీటు పెంకు ఊడి ఎర్రగా కడ్డీ కనిపించింది. దాని మీద లప్పం పెడితే తుప్పు ఉబ్బి మళ్లీ తోసేస్తుంది. వదులు కాంక్రీటంతా రాల్చి, కడ్డీ చుట్టూ తవ్వి, వైరు బ్రష్‌తో మెరిసేదాకా గీకి, తుప్పు నిలిపే మందు పూసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. కడ్డీ సన్నబడిపోయి ఉంటే అది నీకూ నాకూ తేలే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. ఇక్కడ చూడగా సన్నబడలేదు. అయినా స్లాబు తాగిన నీళ్లు ఆరాలి. ఆరకముందే రంగు వేస్తే నెల తిరక్కుండా పొక్కులు లేస్తాయి, అప్పుడు పైన చేసిన పనంతా దండగన్న పేరు వస్తుంది.

ఆవిడ ఊరుకుంటుందా! దసరాకి అల్లుడొస్తాడు, ఈ మచ్చ ఎలా చూపించమంటారు అని పట్టుకుంది. మావాడు మెత్తబడి నా వైపు చూశాడు. పెంకు రాల్చి కడ్డీ పని దసరాకి ముందే చేసిస్తాం అమ్మా, రంగు మాత్రం సంక్రాంతికి అన్నాను. ఆవిడకి చెప్పింది చాలక వాడి చేత కాగితం మీద కూడా "సంక్రాంతి" అనే రాయించాను. వీడు నా వెనక "దసరా" అని మార్చేసి ఉంటాడని అనుమానంగానే ఉంది.